డప్పు దెబ్బ ఫోన్‌లో మోగాలంటే

యూట్యూబ్ కోసం తీసే జానపద పాటకు మిక్సింగ్ అయిపోగానే స్టూడియోలో తరచూ వినబడే మాట ఒకటుంది: "అన్నా, పక్క ఛానెల్ పాట కంటే మనది గట్టిగా మోగాలె." మాస్టరింగ్ అంటే ఈ కోరిక తీర్చడమేనని చాలామంది అనుకుంటారు. చిక్కేమిటంటే, ఎంత గట్టిగా చేసి పంపినా యూట్యూబ్ దాన్ని దించేస్తుంది.

పాట మొత్తం మీద చెవికి ఎంత గట్టిగా తోస్తుందో ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే కొలతలో చెబుతారు. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ శబ్దం హెచ్చు. యూట్యూబ్ హద్దు సుమారు మైనస్ 14. దాటిన పాటను ఆ మేరకు తగ్గిస్తుంది, దాటని పాటను మాత్రం పెంచదు. స్పాటిఫై మామూలు సెట్టింగూ మైనస్ 14 దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు ఒక పాట తీసుకుందాం. ఒక గొంతు, కోరస్, డప్పు, కీబోర్డు బేస్. మిక్స్ మైనస్ 19 దగ్గరుంది, డప్పు దెబ్బ పడ్డప్పుడు శిఖరం మైనస్ 5 డీబీకి చేరుతోంది. పోటీకి పోయి మైనస్ 8కి తేవాలంటే 11 డీబీ పెంచాలి. అప్పుడు శిఖరాలు ప్లస్ 6కి పోతాయి. అప్‌లోడ్ చేశాక ఫైలును కుదించేటప్పుడు శిఖరాలు మరికాస్త లేస్తాయి కాబట్టి వాటిని మైనస్ 1 దగ్గరే ఆపాలి. అంటే లిమిటర్ ప్రతి పెద్ద దెబ్బలోనూ 7 డీబీ కోసేస్తుంది. ఆ పాటను యూట్యూబ్ మళ్లీ 6 డీబీ దించుతుంది. చివరికి శబ్దం పక్క పాటంతే, డప్పు మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టు మిగులుతుంది.

నమ్మకం కుదరకపోతే కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి `Stats for nerds` తెరవండి. అక్కడ `content loudness 6.0dB` అని కనిపిస్తే 6 డీబీ తగ్గించి వినిపిస్తున్నారన్నమాట.

అలాగని మైనస్ 14 శాసనమేమీ కాదు. ఈ పాటకు నేనైతే మైనస్ 12 పెట్టుకుంటాను. 7 డీబీ పెంచితే లిమిటర్ కోసేది 3 డీబీయే, దెబ్బలో పదును బతికే ఉంటుంది. లక్ష్యం ముందే రాసుకుంటే మీటర్ చూస్తూ ఆశపడే పని తప్పుతుంది.

లిమిటర్‌కు ముందు ఈక్వలైజర్. ఇక్కడ చేయి బరువుండకూడదు. 30 హెర్ట్జ్ కింద ఉన్న గుడగుడ తీసేయడం, 250 దగ్గర గొంతూ డప్పూ కలిసి బొంగురుగా ఉంటే వెడల్పుగా ఒక డీబీ తగ్గించడం, దాదాపు అంతే. 4 డీబీ తిప్పాల్సి వచ్చిందంటే తప్పు మిక్స్‌లో ఉంది, అక్కడికే వెనక్కి పోవాలి. సరిపోల్చేటప్పుడు ముందూ తర్వాతా ఒకే వాల్యూమ్‌లో వినాలి. కాస్త గట్టిగా ఉన్నదే బాగుందని చెవి పొరబడుతుంది.

అసలు పరీక్ష ఫోన్ స్పీకర్‌లో. 200 హెర్ట్జ్ కింద దాని నుంచి వచ్చేది చాలా తక్కువ. 55 హెర్ట్జ్ దగ్గర మోగే కీబోర్డు బేస్ నున్నగా ఉంటే ఫోన్‌లో మాయమైపోతుంది. లో ఎండ్ పెంచితే అది తిరిగి రాదు, లిమిటర్ మీద భారం మాత్రం పడుతుంది. మిక్స్‌లో ఆ బేస్ ట్రాక్‌కు కొంచెం సాచురేషన్ ఇస్తే 110, 165, 220 దగ్గర దాని నీడలు పుడతాయి, వాటిని బట్టి చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. డప్పుకీ ఇదే సూత్రం. చిర్ర కొట్టే గంభీరమైన దెబ్బ ఫోన్‌లో సగం పోతుంది, సిటికెన పుల్ల చిటపటే తాళాన్ని నిలబెడుతుంది. దాన్ని కాపాడాలి.

తర్వాత మోనో బటన్ నొక్కి వినండి. వెడల్పు కోసం ఎఫెక్ట్ వేసిన కోరస్ అప్పుడు పలచబడితే, ఎడమ కుడి తరంగాలు ఒకదాన్నొకటి చెరుపుకుంటున్నాయని అర్థం. ఒకే స్పీకరున్న ఫోన్‌లోనూ అదే జరుగుతుంది. ఇదీ మిక్స్‌లో దిద్దాల్సిందే.

ఇయర్‌బడ్స్ కథ వేరు. చెవిలో బిగుసుకుంటాయి కాబట్టి బేస్ ఎక్కువగా వస్తుంది, దాన్ని చూసి బేస్ తగ్గించకండి. వాటిలో వెతకాల్సింది చిన్న తప్పుల్ని: ఎడిట్ అతుకు దగ్గర టిక్కుమనడం, లిమిటర్ పైకి లాగిన ఊపిరి, 'స', 'శ' అక్షరాల ఈల. ఈల ఉంటే 6, 7 వేల హెర్ట్జ్ దగ్గర డీఎస్సర్‌తో ఆ అక్షరాలనే అణచాలి. ఆ మేర మొత్తం తగ్గిస్తే పుల్ల చిటపట కూడా పోతుంది. ఒక్క ఇయర్‌బడ్స్ జతలోనే వినబడే లోపాన్ని వదిలేయండి, రెండు మూడింటిలో వస్తేనే ముట్టుకోండి.

ఇక బరాత్‌లో డీజే పెన్‌డ్రైవ్ నుంచి వేసే కాపీ. అక్కడ శబ్దాన్ని సరిచేసే యూట్యూబ్ ఉండదు. దాన్ని మైనస్ 9 దగ్గర విడిగా తీసి, ఫైలు పేరులోనే డీజే అని రాయాలి. లేకపోతే అప్‌లోడ్ అయ్యేది అదే.