అసోసియేట్ కంపెనీలో వాటాకు లెక్క: ఈక్విటీ పద్ధతి

ఒక కంపెనీ మరో కంపెనీ నిర్ణయాలను శాసించలేకపోయినా, వాటిపై గట్టి ప్రభావం చూపగలిగితే ఆ రెండోదాన్ని అసోసియేట్ కంపెనీ అంటారు. మన దేశంలోని ఇండ్ ఏఎస్ 28 ప్రమాణం ప్రకారం 20 శాతం లేదా అంతకు మించి ఓట్లుంటే, కాదని రుజువైతే తప్ప, ఆ ప్రభావం ఉన్నట్టే లెక్క. ఓట్లు అంతకన్నా తక్కువైనా బోర్డులో స్థానం వంటి ఆధారాలుంటే అసోసియేట్ కావచ్చు. ఇలాంటి వాటాను కన్సాలిడేటెడ్ ఖాతాల్లో ఈక్విటీ పద్ధతిలో చూపాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సిమెంట్ కంపెనీ 30 కోట్ల రూపాయలు పెట్టి, ఒక రవాణా కంపెనీలో 25 శాతం వాటా కొన్నది. తొలి ఏడాది రవాణా కంపెనీకి 12 కోట్ల లాభం వచ్చింది. అందులో 4 కోట్లు డివిడెండుగా పంచింది.

కొన్న ధరకే లెక్క రాస్తే, పెట్టుబడి 30 కోట్ల దగ్గరే ఉంటుంది. సిమెంట్ కంపెనీకి ఆదాయంగా కనిపించేది చేతికొచ్చిన కోటి రూపాయల డివిడెండు మాత్రమే.

ఈక్విటీ పద్ధతిలో మొదట లాభంలో వాటా, అంటే 3 కోట్లు, ఆదాయంగా రాస్తారు. పెట్టుబడి విలువ 33 కోట్లకు పెరుగుతుంది. డివిడెండు కోటి రాగానే ఆ విలువ 32 కోట్లకు తగ్గుతుంది. లాభాన్ని ముందే లెక్కించారు కాబట్టి డివిడెండు మళ్లీ ఆదాయం కాదు. అది పెట్టుబడిలో కొంత నగదుగా తిరిగి రావడమే. దాన్నీ ఆదాయంగా రాస్తే ఒకే లాభం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. రెండో ఏడాది 8 కోట్ల నష్టం వస్తే, అందులో వాటా 2 కోట్లు పోయి విలువ 30 కోట్లవుతుంది.

ఈ తేడాకు కారణం ప్రభావమే. డివిడెండు ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్న నిర్ణయంలో పెద్ద వాటాదారు మాట చెల్లుతుంది. డివిడెండునే ఆదాయంగా చూపితే, తన లాభం తగ్గిన ఏడాది అసోసియేట్ చేత ఎక్కువ పంపిణీ చేయించి ఆ లోటు కప్పిపుచ్చుకోవచ్చు. అసలు వ్యాపారం లాభాల్లో ఉందో నష్టాల్లో ఉందో ఆ అంకె చెప్పదు.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. పైన చూపిన 3 కోట్ల ఆదాయంలో చేతికొచ్చిన నగదు కోటి మాత్రమే. అందుకే లాభనష్టాల ఖాతాలో అసోసియేట్ల లాభంలో వాటా పెద్దదిగా కనిపిస్తే, నగదు ప్రవాహ పట్టికలో వచ్చిన డివిడెండును పక్కన పెట్టి చూడాలి. నష్టాలు పేరుకుని పెట్టుబడి విలువ సున్నాకు చేరితే, ఆ కంపెనీ అప్పులకు హామీ వంటి బాధ్యత లేనంతవరకు, మిగతా నష్టాన్ని రాయరు. తిరిగి లాభాలొచ్చినప్పుడు ముందు ఆ రాయని నష్టం పూడాలి. ఆ తర్వాతి లాభంలోనే వాటా లెక్కకొస్తుంది.

పెట్టుబడి పెట్టిన కంపెనీ విడిగా ప్రచురించే సొంత ఖాతాల్లో మాత్రం ఇదే వాటాను కొన్న ధరకు చూపవచ్చు. ఒకే వార్షిక నివేదికలో ఒకే పెట్టుబడికి రెండు అంకెలు కనిపించడానికి ఇదే కారణం.