ఫ్లాటు కొనకుండా అద్దె: రీట్ యూనిట్ లెక్క

హైదరాబాద్ మాదాపూర్‌లోని మైండ్‌స్పేస్ ప్రాంగణంలో ఐటీ కంపెనీలు కట్టే అద్దెలో కొంత, ఎక్కడో ఒంగోలులో ఉన్నవారి బ్యాంకు ఖాతాలోనూ పడవచ్చు. ఆ ప్రాంగణం మైండ్‌స్పేస్ బిజినెస్ పార్క్స్ రీట్ ఆస్తుల్లో ఒకటి. 2020 ఆగస్టు నుంచి ఆ రీట్ యూనిట్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో అమ్ముడవుతున్నాయి.

రీట్ అంటే అద్దెకిచ్చిన భవనాలను పెట్టుబడిదారుల తరఫున నిర్వహించే ట్రస్టు. సెబీ దీనికి 2014లో నిబంధనలు రాసినా, మొదటిది మార్కెట్లోకి వచ్చింది 2019లోనే. ఆస్తుల విలువలో కనీసం 80 శాతం, పూర్తయి అద్దె తెస్తున్న భవనాల్లోనే ఉండాలి. పంచడానికి వీలైన నగదులో 90 శాతానికి తగ్గకుండా యూనిట్‌దారులకు పంచాలి. 2021 తర్వాత ఒక్క యూనిట్ అయినా కొనవచ్చు. కావలసింది డీమ్యాట్ ఖాతా ఒక్కటే.

చాలామంది తికమకపడేది చేతికొచ్చిన సొమ్ము దగ్గరే. అదంతా అద్దే అనుకుంటారు. ఉదాహరణకు యూనిట్ రూ.300 చొప్పున వంద కొంటే పెట్టుబడి రూ.30,000. ఏడాదికి యూనిట్‌కు రూ.20 పంచారనుకుంటే రూ.2,000 వస్తుంది, అంటే 6.7 శాతం దాకా. రీట్ పంపే చీటీలో ఆ 20 రూపాయలు విడివిడిగా కనిపిస్తాయి: వడ్డీ 3, డివిడెండ్ 9, అప్పు తిరిగి చెల్లింపు 8 అనుకుందాం.

వడ్డీగా వచ్చిన రూ.300 మీద స్లాబు ప్రకారం పన్ను కట్టాలి. డివిడెండ్ రూ.900 మీద పన్ను ఉండదు, భవనం సొంతదారు కంపెనీ తక్కువ రేటు పన్ను విధానానికి మారి ఉండకపోతే. అప్పు తిరిగి చెల్లింపు సంగతి వేరు. భవనాల కంపెనీకి రీట్ ఇచ్చిన అప్పులో అసలు వెనక్కి వస్తుంటే అది పన్ను లెక్కలో మదుపరి పెట్టుబడే తిరిగొచ్చినట్లు. అందుకే ఆ రూ.800 మీద అప్పటికి పన్ను పడదు, కొన్న ధర మాత్రం రూ.29,200కి తగ్గుతుంది. తర్వాత రూ.30,000కే అమ్మినా లాభం రూ.800గా లెక్కకొస్తుంది. ఈ చీటీలను అమ్మేదాకా దాచుకోవాలి.

ఫ్లాటు ధర రోజూ కనిపించదు, యూనిట్ ధర కనిపిస్తుంది. వడ్డీ రేట్లు పెరిగితే ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఆకర్షణీయమై యూనిట్ ధర తగ్గవచ్చు. అంతకంటే లోతైన దెబ్బ ఖాళీ అంతస్తులు. 2020 తర్వాత ఇంటి నుంచి పని మొదలయ్యాక ఆఫీసు రీట్లకు ఇదే ఎదురైంది, ముఖ్యంగా ప్రత్యేక ఆర్థిక మండలి భవనాల్లో.

కాబట్టి కొనేముందు మూడు నెలల నివేదిక తెరిచి చూడవలసినవి మూడు. ఎంత శాతం స్థలం అద్దెకు పోయింది, ఒప్పందాలు సగటున ఇంకా ఎన్నేళ్లున్నాయి, ఆస్తుల విలువలో అప్పు ఎంత. నిబంధన 49 శాతం దాకా అప్పును ఒప్పుకుంటుంది. ఆ అంచుకు చేరుతున్న రీట్‌లో అద్దె కాస్త తగ్గినా పంపకం మీద దెబ్బ పడుతుంది.