ముద్ద దిగిందంటే తగ్గినట్టేనా?

ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్‌లో తిండి పడక అన్నవాహికలో వాపు వస్తుంది, ముద్ద గొంతు దిగువన అడ్డుపడుతుంది. బయాప్సీలో మైక్రోస్కోప్ కింద ఒక్క ఫీల్డ్‌లో ఇసినోఫిల్ కణాలు 15 లేదా అంతకుమించి ఉండటం దీని గుర్తు.

శాకాహారి అయిన ఒకామె ఉందనుకుందాం. మొదటి బయాప్సీలో లెక్క 40. డాక్టరు పాలు, గోధుమ మాన్పించారు. అంటే పెరుగు, నెయ్యి, చపాతీ, రవ్వతోపాటు మైదా కలిపిన ఇంగువ కూడా బంద్. ఎనిమిది వారాలకు లెక్క 3కు దిగింది.

అప్పుడు గోధుమ ఒక్కటే తిరిగి మొదలుపెట్టి, రోజూ తింది. ఎనిమిది వారాల తర్వాత ఎండోస్కోపీలో లెక్క 4. గోధుమ నిర్దోషి. తర్వాత పాలు. ఇబ్బందేమీ లేదంది, కానీ లెక్క 28! మింగుడు బాగుందన్న మాటను ఇక్కడ నమ్మకూడదు. ఆమె డైరీ చూస్తే భోజనానికి పట్టే సమయం 20 నిమిషాల నుంచి 40కి పెరిగింది, ముద్దముద్దకూ నీళ్లు తాగుతోంది. అందుకే డైరీలో ఏం తిన్నారన్నదే కాదు, ఎలా తిన్నారన్నదీ రాయాలి.

పాలు మానాక పెద్దలకు రోజుకు కావలసిన 1000 మిల్లీగ్రాముల కాల్షియం ఎక్కడి నుంచి? వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది. మిగతాది నువ్వులు, ఆకుకూరలు, అవసరమైతే మాత్రలు. శాకాహారికి బి12 దాదాపు పాల నుంచే అందుతుంది కాబట్టి దాన్నీ, విటమిన్ డినీ రక్తపరీక్షతో చూసుకోవాలి, బరువు రాసుకోవాలి.