ఖాళీలు పూడ్చిన ఆటోఎన్‌కోడర్

చేతిరాత అంకెల సంకలనం ఎమ్‌నిస్ట్‌లో ఒక్కో బొమ్మకు అడ్డంగా 28, నిలువుగా 28 చుక్కలు; మొత్తం 784 విలువలు. ఆటోఎన్‌కోడర్ వీటిని, ఉదాహరణకు, రెండే సంఖ్యలుగా కుదించి, వాటి నుంచే బొమ్మను మళ్లీ గీయాలి. దారి అంత ఇరుకు కాబట్టి ప్రతి చుక్కనూ గుర్తుంచుకోవడం కుదరదు. గీత వంపు, వాలు వంటి ముఖ్య లక్షణాలనే పట్టుకోవాలి.

ఆ రెండు సంఖ్యలను గ్రాఫు కాగితం మీద బిందువుగా పెడితే, సున్నాలు ఒకచోట, ఒకట్లు మరోచోట గుంపు కడతాయి. చిక్కంతా గుంపుల మధ్య ఖాళీల్లోనే. అక్కడి బిందువు ఇచ్చి గీయమంటే తరచూ ఏ అంకే కాని మరక వస్తుంది. శిక్షణలో ఆ చోటు ఎప్పుడూ ఎదురుకాలేదు మరి.

2013లో కింగ్మా, వెల్లింగ్ ప్రతిపాదించిన వేరియేషనల్ ఆటోఎన్‌కోడర్ బొమ్మకు ఒక బిందువు బదులు ఒక సగటునూ, దాని చుట్టూ వ్యాప్తినీ కేటాయిస్తుంది. ఆ పరిధిలో యాదృచ్ఛికంగా తీసిన బిందువుతోనే బొమ్మ గీయాలి. అందుకే పక్కపక్క బిందువులు పోలిక ఉన్న బొమ్మలే ఇవ్వాల్సి వస్తుంది. పైగా, ఈ పరిధులు సున్నా చుట్టూ ఉండే గంట ఆకారపు విస్తరణకు దూరం జరిగినకొద్దీ జరిమానా పడుతుంది. దాంతో ఖాళీలు చాలావరకు పూడతాయి. ఆ విస్తరణ నుంచి కొత్త బిందువు తీస్తే, ఎవరూ రాయని ‘3’ రావచ్చు.

జరిమానా బరువు పెంచితే బొమ్మలు మసకబారతాయి. మరీ పెంచితే ఏ అంకె ఇచ్చినా ఒకే సగటు మరక తిరిగొస్తుంది. ఇరుకు దారిలో సమాచారమేదీ వెళ్లడం లేదనడానికి అదే గుర్తు.