విరేచనాల పిల్లలకు అరటిపండు, అన్నం, రొట్టె మాత్రమే చాలవు

తొలకరి వానలు కురిసి గణపసముద్రంలోకి కొత్తనీరు చేరే రోజులలో మా ఖిల్లా ఘణపూర్ పరిసర గ్రామాల పసిపిల్లలకు అతిసారం తరచుగా వస్తూ ఉంటుంది. గత వర్షకాలంలో ఒక ఉదయం పదునాలుగు నెలల మగబిడ్డను భుజాన వేసుకొని ఒక యువతి నా వద్దకు వచ్చింది. వెంట ఆమె అత్తగారు కూడా ఉన్నారు.

"అయ్యగారూ, విరేచనాలు మొదలై ఆరు దినాలాయె. ఇప్పుడు దినానికి నాలుగైదే అయితున్నయి. గాని పోరడు లేస్తలేడు, ఆడుతలేడు" అన్నది ఆమె.

"ఏం పెడుతున్నవ్ బిడ్డా?" అని అడిగాను.

"అమెరికాల ఉన్న మా ఆడబిడ్డ ఫోన్ల చెప్పింది. అరటిపండు, మెత్తటన్నం, ఉడకబెట్టిన యాపిల్ పండు, కాల్చిన బ్రెడ్డు. ఇంకేం పెట్టొద్దన్నది."

"చనుబాలు?"

అత్తగారు అందుకొని, "పాలు పడవని నేనే మాన్పిచ్చిన" అన్నారు.

ఆ ఆడబిడ్డ చెప్పినది కల్పన కాదు. బనానా, రైస్, యాపిల్ సాస్, టోస్టు అనే నాలుగు ఆంగ్ల పదాల తొలి అక్షరాలను కూర్చి 'బ్రాట్' అని పిలిచే పథ్యమిది. అతిసారానికి అరటిపండు పెట్టే పద్ధతి 1920లలోనే అమెరికా వైద్యులలో ఉండేది. తరువాత దానికి మిగిలిన మూడూ చేరి, రెండు మూడు తరాల తల్లులకు ఇదే కంఠస్థమైపోయింది. ఆ పిల్ల తన పిల్లల వైద్యుని వద్దనో, ఇరుగుపొరుగు వద్దనో విని ఉంటుంది. అయితే ఆ దేశపు బాలల వైద్యుల సంఘమే 1996లో ఈ పథ్యాన్ని పరిశీలించి, ఇందులో శక్తి, మాంసకృత్తులు, కొవ్వు తక్కువని చెప్పి, వయస్సుకు తగిన మామూలు ఆహారాన్నే కొనసాగించమన్నది. 2003లో అక్కడి రోగ నియంత్రణ కేంద్రం కూడా ఇది అనవసరంగా ఆహారాన్ని కుదించే పథ్యమని పేర్కొన్నది.

అమెరికా మాటను తప్పుపట్టడానికి ముందు మన ఇంటిని చూసుకోవాలి. పాలమూరు పల్లెలలో దీనికి జంటగా మరొక పథ్యం ఉన్నది. పలుచని గంజి, సగ్గుబియ్యం జావ, ఛాయలో ముంచిన బన్ను, ఒక అరటిపండు. రెండింటి పోలిక ఒకటే, లోపమూ ఒకటే.

నేను చేసిన పొరపాటు

ఈ మాట చెప్పే అర్హత నాకు నా తప్పు వలన వచ్చినది. గురుకులంలో చదువు ముగించి వైద్యం ప్రారంభించిన తొలి సంవత్సరాలలో, ఏడాదిన్నర ఆడపిల్లకు అతిసారం వస్తే, "తగ్గేవరకు గంజి, అరటిపండు తప్ప ఏదీ వద్దు" అని చెప్పి పంపాను. ఎప్పటివరకు అన్నది చెప్పలేదు. మూడు వారాల తరువాత వాళ్ళు తిరిగి వచ్చారు. విరేచనాలు తగ్గాయి గాని పిల్ల పాదాలు ఉబ్బి ఉన్నాయి. పాదం మీద బొటనవ్రేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలిచింది. జుట్టు పలచబడి ఎర్రబారింది. అది మాంసకృత్తుల లేమి వలన వచ్చే వాపు. వెంటనే ఆసుపత్రికి పంపాను. పిల్ల బ్రతికింది గాని తేరుకోవడానికి నెలలు పట్టింది. ఆ పిల్లకు రోగం చేసిన హాని కన్నా నా పథ్యం చేసిన హాని ఎక్కువ.

శాస్త్రం నాకు తప్పు చెప్పలేదు, నేనే సగం చదివి ఆగాను. అగ్ని మందగించినప్పుడు మన సంప్రదాయం చెప్పిన ఆహారక్రమం పేయతో మొదలవుతుంది. కాని అక్కడ ఆగదు. పేయ తరువాత చిక్కని విలేపి, తరువాత పెసలు మొదలైన పప్పుల యూషం, తరువాత నేయి, తాలింపు చేర్చిన యూషం, పిమ్మట మాంసరసం, చివరకు మామూలు భోజనం. ఇది ఒక మెట్ల వరుస. గంజి దగ్గరే కూర్చోబెట్టడం మొదటి మెట్టు మీద పిల్లవాణ్ణి వదిలి వెళ్ళడమే. లంఘనం విషయంలోనూ బాలురను, వృద్ధులను, గర్భిణులను, దుర్బలులను మినహాయించమన్నది మన శాస్త్రమే. "లంఖణం పరమౌషధం" అన్న సామెత పెద్దలకు. పసిబిడ్డకు నిలువ అన్నది చాలా తక్కువ.

లెక్క వేసి చూద్దాం

తొమ్మిది కిలోల బిడ్డకు రోజుకు సుమారు 700 కేలరీల ఆహారం కావాలి. మా వద్దకు వచ్చిన బిడ్డ రోజంతటిలో తిన్నది ఒక చిన్న అరటిపండు, గుప్పెడు బియ్యపు అన్నం, అర యాపిల్, ఒక రొట్టె ముక్క. ఇవన్నీ కలిపినా 260 కేలరీలు దాటవు, అంటే అవసరంలో మూడోవంతుకు కాస్త ఎక్కువ. మాంసకృత్తులు అయిదు గ్రాములకు మించవు, కొవ్వు దాదాపు శూన్యం. దానికి తోడు చనుబాలు కూడా మానిపించారు.

ఇక్కడ తల్లులు అడిగే న్యాయమైన ప్రశ్న ఒకటి ఉన్నది. "తిన్నదంతా పోతున్నప్పుడు పెట్టడం దేనికి?" అంతా పోదు. అతిసారంలో కూడా ప్రేగు ఆహారంలో చాలా భాగాన్ని గ్రహిస్తూనే ఉంటుంది. అంతేకాదు, ప్రేగు లోపలి పొర కొద్ది దినాలకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది. ఆ కొత్త పొర పెరగడానికి కావలసిన పోషణలో కొంత భాగం ప్రేగులో కదిలే ఆహారం నుండే నేరుగా అందుతుంది. పస్తు పెడితే ఆ పొర పలచబడి, మానవలసిన గాయం ఆలస్యంగా మానుతుంది.

యాపిల్ సంగతి వేరుగా చెప్పాలి. దానిలోని కొన్ని చక్కెరలు పసివారి ప్రేగులో పూర్తిగా ఇంకవు. అవి నీటిని ప్రేగులోకి లాగి విరేచనాన్ని మరింత పలుచన చేయగలవు. పండ్ల రసాల డబ్బాలు, తీపి పానీయాలు ఇంకా ఎక్కువ చేస్తాయి. 'ఓ.ఆర్.ఎస్.' అన్న పేరు తగిలించుకొని అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాదు బాలల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది.

అరటిపండుకు, అన్నానికి నేను విరోధిని కాను. రెండూ సులభంగా జీర్ణమవుతాయి. ఉడికించిన పచ్చి అరటికాయ వలన దీర్ఘకాలిక విరేచనాలు తగ్గినట్లు ఢాకా వైద్యులు 2001లో ప్రకటించారు కూడా. వాటిని పెట్టడం తప్పు కాదు. వాటిని 'మాత్రమే' పెట్టడం తప్పు.

ఆ బిడ్డకు ఏమి చేశాము

ముందుగా నీరు తరిగిందా అని చూశాను. ఏడిస్తే కన్నీరు వస్తున్నది, నోరు తడిగా ఉన్నది, మూత్రం పోస్తున్నాడు. పొట్ట మీది చర్మాన్ని రెండు వ్రేళ్ళతో పట్టి వదిలితే వెంటనే సర్దుకున్నది. విరేచనంలో రక్తం లేదు. కాని అంగన్‌వాడీ కార్డులో అంతకుముందు 9 కిలోల 100 గ్రాములున్న బరువు ఆనాడు 8 కిలోల 700 గ్రాములున్నది. 400 గ్రాములు పోయింది. నీరు తరిగిన గుర్తులు లేవు గనుక ఇందులో అధికభాగం ఆకలి వలన పోయినదే.

పానీయం వేరు, భోజనం వేరు అని ఆ అత్తాకోడళ్ళకు విడదీసి చెప్పాను. పానీయంగా ఓ.ఆర్.ఎస్. పొట్లం. పెద్ద పొట్లమైతే సరిగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తం కలపాలి. సగం పొట్లం, సగం నీరు అన్న లెక్కలు వద్దు. కలిపినది ఒక రోజుకే వాడాలి. ప్రతి విరేచనం తరువాత రెండేళ్ళలోపు పిల్లలకు 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు చెంచాతో మెల్లగా త్రాగించాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మరింత మెల్లగా మళ్ళీ మొదలుపెట్టాలి. ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ కూడా మంచి పానీయాలే, కాని అవి భోజనం స్థానంలోకి రాకూడదు.

చనుబాలు ఆనాడే తిరిగి మొదలుపెట్టించాను. భోజనంగా పులగం చెప్పాను. 30 గ్రాముల బియ్యం, 15 గ్రాముల పెసరపప్పు, చిటికెడు పసుపు, ఉప్పు వేసి మెత్తగా ఉడికించి, దించాక ఒక చెంచా నేయి కలపాలి. ఈ ఒక్క గిన్నెలోనే సుమారు 200 కేలరీలు, ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. ఆ బిడ్డ దినమంతా తిన్న నాలుగు పదార్థాలకు ఇది ఇంచుమించు సాటి. దీనిని మూడు నాలుగు విడతలుగా పెట్టాలి. నడుమ పెరుగన్నం, మగ్గిన అరటిపండు, అంగన్‌వాడీ వారిచ్చే బాలామృతం జావ. అలవాటున్న ఇండ్లలో ఉడికించిన గ్రుడ్డు. మొత్తం మీద రోజుకు ఆరు సార్లు కొద్దికొద్దిగా.

జింకు మాత్రల కోసం ఆశా కార్యకర్త వద్దకు పంపాను. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుండి ఆరు నెలల బిడ్డకు 10 మిల్లీగ్రాములు, చెంచాడు నీటిలోనో చనుబాలలోనో కరిగించి ఇవ్వాలి. విరేచనాలు ఆగినా 14 రోజులు పూర్తి చేయాలి. నా చూర్ణాలేవీ వీటికి బదులు కావు. విరేచనాన్ని బంధించే నల్లమందు వంటివి పసిబిడ్డకు ప్రాణాంతకం.

మరునాడు విరేచనాలు తగ్గలేదు, అయిదు అయ్యాయి. అత్తగారు కంగారు పడ్డారు. తినిపించిన తొలి దినాలలో విరేచనాల సంఖ్య గాక, మూత్రం, హుషారు, బరువు చూడాలని చెప్పాను. మూడవనాటికి మూడుసార్లు, కొంచెం గట్టిగా అయ్యాయి. అయిదవనాడు బిడ్డ లేచి ఆడుకున్నాడు. కోలుకున్న తరువాత రెండు వారాలపాటు రోజూ ఒక పూట అదనంగా పెట్టమన్నాను. పదిహేనవ నాటికి బరువు 9 కిలోల 200 గ్రాములకు చేరింది.

ఎప్పుడు నా వద్దకు రాకూడదు

కళ్ళు గుంటలు పడినా, ఆరుగంటలుగా మూత్రం లేకపోయినా, చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా సర్దుకున్నా, బిడ్డ మత్తుగా ఉండి త్రాగలేకపోయినా, త్రాగిందల్లా వాంతి అయినా, విరేచనంలో రక్తం కనిపించినా, రెండు నెలలలోపు శిశువైనా, నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. దారిలో ఓ.ఆర్.ఎస్. త్రాగిస్తూనే ఉండాలి. పద్నాలుగు రోజులు దాటినా తగ్గని విరేచనాలకూ, పాదాల మీద వాపుకూ ఆసుపత్రి పరీక్షే కావాలి.

వెళ్ళేముందు ఆ యువతి, "మా ఆడబిడ్డకు ఏమని చెప్పాలె అయ్యగారూ?" అని అడిగింది. "ఆమె చెప్పినవన్నీ పెట్టవచ్చని చెప్పు బిడ్డా. వాటితోపాటు పప్పు, నేయి, పెరుగు, అమ్మపాలు కూడా పెట్టమని చెప్పు" అన్నాను.