వార్తల్లో పదం: మెయిల్ మెర్జ్

ఒకే ఉత్తరాన్ని పట్టికలోని వివరాలతో నింపి వందల మందికి విడివిడిగా పంపే పద్ధతి ఇది. పేరొక్కటే మారిస్తే చదివేవారు ఇట్టే పసిగడతారు. తెలుగులో మరీనూ: 'సీతకు' అని రాసిన చోట రవి వచ్చిపడితే 'రవికు' అవుతుంది! అందుకే పట్టికలో ఒక కాలమ్ కేటాయించి, ఒక్కొక్కరికీ పూర్తి వాక్యమే రాయాలి. బడి గ్రంథాలయానికి పుస్తకాలడిగే పూర్వవిద్యార్థుల సంఘమైతే ఇలా: '1998లో మీరు గీసిన జిల్లా పటం ఇప్పటికీ ఆరో తరగతి గోడ మీదుంది.' ఇంకొకరికి పంపినా చెల్లే వాక్యమైతే కొట్టేయండి. మనిషికి మూడు నిమిషాల చొప్పున 200 మందికి పది గంటలు పడుతుంది. ఎవరి గురించి ఏమీ తెలియదో వారి గడి ఖాళీగా ఉంచండి, పొగడ్త అల్లొద్దు. పేర్ల కాలమ్ ఒక్కదాన్నే సార్ట్ చేస్తే ఒకరి వాక్యం మరొకరికి పోతుంది. పంపేముందు ఓ పది ఉత్తరాలు తెరిచి చదవండి.