రెఫరల్ లింకు వెనక ఏం జరుగుతుంది?

“అన్నా, మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఏమైనా ఉంటే చెప్పు. రెజ్యూమె పంపిస్తున్నా.” హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లలో ఇలాంటి మెసేజ్ అందుకోనివాళ్లు అరుదు. చాలామంది తర్వాత చూద్దామనుకుంటారు, మరిచిపోతారు. సాయం చేయడం ఇష్టం లేక కాదు, ఆ రెండు ముక్కలు పట్టుకుని వాళ్లు చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు.

రెఫర్ చేయాలంటే ఉద్యోగి కంపెనీ లోపలి పోర్టల్లో ఒక ఫారం నింపాలి. అది మామూలుగా జాబ్ ఐడీతో మొదలవుతుంది. తర్వాత అభ్యర్థి పేరు, ఫోను, ఈమెయిల్, రెజ్యూమె. ఆపైన చాలా కంపెనీలు అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఈ మనిషి మీకెలా తెలుసు? ఎప్పుడైనా కలిసి పనిచేశారా? మీకు బంధువా? “ఓపెనింగ్స్ ఉంటే చెప్పు” అనడమంటే వందల ఖాళీల్లోంచి సరిపోయేది వెతికే పని, తనకు సరిగ్గా తెలియని అనుభవం గురించి రాసే పని, రెండూ అవతలి మనిషి నెత్తిన పెట్టడమే.

వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివి, మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో మూడేళ్లుగా జావా డెవలపర్‌గా ఉన్న అమ్మాయి సంగతే తీసుకుందాం. ఒక పెద్ద కంపెనీలో తనకు తగిన పోస్టు పడింది. అక్కడ కాలేజీ సీనియర్ ఒకామె పనిచేస్తోంది. ఆమెకు ఇలా రాయొచ్చు:

“అక్కా, నమస్తే. నేను మన కాలేజీలో మీకు రెండేళ్లు జూనియర్‌ని, టెక్ ఫెస్ట్‌లో మీ టీమ్‌లో ఉన్నాను. మీ కెరీర్స్ పేజీలో ఈ జావా డెవలపర్ పోస్టు చూశాను, జాబ్ ఐడీ, లింకు కింద ఇస్తున్నా. మూడేళ్లుగా పేమెంట్స్ ప్రాజెక్టులో స్ప్రింగ్ బూట్ మీద పనిచేస్తున్నా. వాళ్లు అడిగినవాటిలో కాఫ్కా మీద మాత్రం అనుభవం తక్కువ. నోటీస్ పీరియడ్ 60 రోజులు. ఈ కంపెనీకి ఇంతవరకు అప్లై చేయలేదు. రెఫర్ చేయడం కుదరకపోయినా పర్వాలేదు, ఒక్క మాట చెప్పండి.”

ఫారానికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. సీనియర్ ఐదు నిమిషాల్లో పని ముగించవచ్చు. కాఫ్కా సంగతి దాచకపోవడం వల్ల ఆమె కూడా రిక్రూటర్‌కు ఉన్నదున్నట్టు చెప్పగలదు. అన్నిటికన్నా ముఖ్యమైంది మాత్రం “ఇంతవరకు అప్లై చేయలేదు” అన్న వాక్యం.

ఎందుకంటే, దరఖాస్తు అందగానే సిస్టమ్ ఆ ఈమెయిల్‌ను, ఫోను నంబర్‌ను పాత రికార్డులతో పోల్చి చూస్తుంది. అభ్యర్థి అప్పటికే నేరుగా అప్లై చేసి ఉన్నా, ఏదైనా కన్సల్టెన్సీ ఆ రెజ్యూమెను ముందే పంపి ఉన్నా, కొత్త రెఫరల్ చెల్లకుండా పోవచ్చు. మొదట ఎవరి ద్వారా వచ్చారో ఆ పేరే చాలా కంపెనీల్లో కొన్ని నెలలపాటు, తరచూ ఆరు నెలలు, రికార్డులో ఉండిపోతుంది. అందుకే ముందు అడగాలి, సీనియర్ ఫారం పంపాక మెయిల్లో వచ్చే లింకు ద్వారానే అప్లై చేయాలి. పది కన్సల్టెన్సీలకు రెజ్యూమె పంచినవాళ్ల విషయంలో ఈ చిక్కు ఎక్కువ. తమ ప్రొఫైల్‌ను ఎవరు ఏ కంపెనీకి పంపారో వాళ్లకే తెలియదు.

మరి ఎవరిని అడగాలి? దగ్గరి స్నేహితులనే అడగాలన్న నియమం లేదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ బోస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారినవాళ్ల మీద అధ్యయనం చేశారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ మనిషిని తరచూ కలిసేవాళ్లం అన్నవాళ్లు దాదాపు 17 శాతమే. మిగతావాళ్లకు దారి చూపింది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసే పరిచయస్తులు. దగ్గరివాళ్లకు తెలిసిన కబుర్లు మనకూ ముందే తెలిసి ఉంటాయి, కాస్త దూరపువాళ్లు వేరే లోకంలోని కబురు తెస్తారు. పాత మేనేజర్, మానేసి వెళ్లిన సహోద్యోగి, కాలేజీ సీనియర్ ఈ కోవలోకే వస్తారు. కలిసి పనిచేసినవాళ్లయితే ఇంకా మేలు, ఫారంలోని ప్రశ్నలకు వాళ్ల దగ్గర నిజమైన జవాబు ఉంటుంది.

ఫారం చేరాక రిక్రూటర్ చూసే జాబితాలో ఆ దరఖాస్తు పక్కన ‘రెఫరల్’ అన్న గుర్తు కనిపిస్తుంది. దానితో రెజ్యూమె త్వరగా చదువుతారన్న ఆశ పెట్టుకోవచ్చు, అంతవరకే. కోడింగ్ టెస్టు, ఇంటర్వ్యూ రౌండ్లు అందరితోపాటే. బంధువైతే ఆ మాట ముందే చెప్పాలి. రెఫర్ చేసిన మనిషిని ఇంటర్వ్యూ ప్యానెల్‌కు దూరంగా ఉంచుతారు. ఎంపికయ్యాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో సర్టిఫికెట్లు, పేస్లిప్‌లు, పీఎఫ్ ఖాతాలోని సర్వీస్ హిస్టరీ చూస్తారు. మూడేళ్ల అనుభవం అని రాసి, పీఎఫ్‌లో ఏడాదే కనిపిస్తే వివరణ ఇవ్వాల్సిందే. 2022 నవంబర్‌లో యాక్సెంచర్ ఇండియా, నకిలీ అనుభవ పత్రాలతో చేరినవాళ్లను గుర్తించి తొలగించామని ప్రకటించింది. అలాంటివాళ్లను రెఫర్ చేసిన ఉద్యోగికి కూడా హెచ్‌ఆర్ నుంచి ప్రశ్నలు ఎదురుకావచ్చు. అందుకే బాగా తెలియని జూనియర్ విషయంలో “కలిసి ఉద్యోగం చేయలేదు, కాలేజీ పరిచయం” అని రాయడమే సీనియర్‌కూ క్షేమం.

ఇక బహుమతి. కన్సల్టెన్సీ ద్వారా మనిషిని తీసుకుంటే కంపెనీ ఫీజు కట్టాలి. మన దేశంలో తరచూ వినిపించే రేటు ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. 12 లక్షల ప్యాకేజీ అయితే లక్ష రూపాయలు. అదే రెఫరల్‌కు 50 వేలు బోనస్ ఇచ్చినా కంపెనీకి సగం మిగులు. అయితే ఆ డబ్బు వెంటనే రాదు. కొత్త ఉద్యోగి చేరి 90 రోజులు గడిచాక ఇవ్వడం సాధారణ పద్ధతి, కొన్నిచోట్ల రెండు విడతలుగా ఇస్తారు. అప్పటికి రెఫర్ చేసిన ఉద్యోగి కూడా కంపెనీలోనే ఉండాలి. ఆ పోస్టును భర్తీ చేసే మేనేజర్‌కు, రిక్రూట్‌మెంట్ టీమ్‌కు సాధారణంగా ఈ బోనస్ వర్తించదు. వచ్చినదాన్ని జీతంలో కలిపి టీడీఎస్ పట్టుకుంటారు. 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు సెస్‌తో కలిపి 10,400 పోయి, చేతికి 39,600 వస్తుంది.

డబ్బు పెంచితే రెఫరల్స్ పెరుగుతాయా? గూగుల్ ఒకసారి ఈ బోనస్‌ను 2,000 డాలర్ల నుంచి 4,000కు పెంచింది. ఫలితం కనిపించలేదని అప్పటి హెచ్‌ఆర్ అధిపతి లాస్లో బాక్ తన పుస్తకంలో రాశారు. ఉద్యోగులు రెఫర్ చేసేది ప్రధానంగా డబ్బు కోసం కాదని వాళ్లకు అర్థమైంది. “మీకు తెలిసిన మంచివాళ్లెవరు” అని ఊరికే అడగడం మాని, “మీతో పనిచేసినవాళ్లలో అత్యుత్తమ ఫైనాన్స్ నిపుణులెవరు” అని సూటిగా అడిగినప్పుడు మాత్రం రెఫరల్స్ మూడో వంతుకు పైగా పెరిగాయి.

అడిగేవాళ్లకు కూడా ఇందులో ఒక సంగతి ఉంది. బోనస్ ఆశ చూపి సీనియర్‌ను ఒప్పించాల్సిన పనిలేదు, తన పని గురించి ఆమెకు నమ్మకం కలిగిస్తే చాలు. రెఫరల్ ఇప్పిస్తామంటూ సోషల్ మీడియాలో డబ్బు అడిగేవాళ్ల జోలికి మాత్రం పోకూడదు. అభ్యర్థి నుంచి డబ్బు తీసుకోవడం కంపెనీ నియమాల ప్రకారం ఉద్యోగం పోయేంత తప్పు. పైగా ముక్కూమొహం తెలియనివాళ్ల రెజ్యూమెలు ఒకే ఉద్యోగి పేరు మీద గుట్టలుగా వస్తుంటే అది రికార్డుల్లోనే కనిపిస్తుంది.

మన వరంగల్ అమ్మాయి వారం పదిరోజులు ఆగి, కబురు లేకపోతే ఒకసారి సీనియర్‌ను అడగవచ్చు. పోర్టల్లో దరఖాస్తు ఏ దశలో ఉందో ఆమెకు కనిపిస్తుంది, రిక్రూటర్ పేరు తెలిస్తే ఒక మాట కనుక్కోగలదు. పోస్టును ఆపేసి ఉంటే మాత్రం చేసేదేమీ ఉండదు, ఇంకో జాబ్ ఐడీ వెతకాలి. ఇంటర్వ్యూ పోగొట్టుకుంటే చాలా కంపెనీలు ఆరు నెలలో, ఏడాదో మళ్లీ అవకాశం ఇవ్వవు. కాబట్టి కాఫ్కా నేర్చుకోవడానికి రెండు వారాలు కావాలనుకుంటే, ఆ పోస్టు ఇంకా తెరిచే ఉంటుందనుకుంటే, మెసేజ్ ఆ రెండు వారాల తర్వాతే పంపడం మంచిది.